మడిలో చూసింది, పుస్తకంలో మిగిలింది: వరి రకాల ప్రయోగాల్లో పరిశీలనల నమోదుపై ఒక సమీక్ష

వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో రావెప్‌కి వెళ్లిన విద్యార్థికి పరిశోధనా స్థానంలో మొదట దొరికే పని పెద్దగా మారదు. ఒక ప్యాడ్, పెన్సిల్, మీటరు స్కేలు చేతికిచ్చి "ఆ వరి ట్రయల్‌లో ఎత్తులు, పిలకలు తీసుకురా" అంటారు. తెచ్చిన అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కి, మూడు రెప్లికేషన్ల సగటై, నివేదికలో ఒక గడిలో కూర్చుంటాయి. తర్వాతెప్పుడో ఆ రకాన్ని మినీకిట్‌గా రైతులకివ్వాలా, పక్కన పెట్టాలా అన్న చర్చ వచ్చినప్పుడు ఆ గడిని చూస్తారు. అప్పటికి మడి దున్నేసి ఉంటుంది. విద్యార్థి ఉద్యోగంలోనో పైచదువులోనో ఉంటాడు. అంకె మీద అనుమానం వస్తే అడగడానికి మిగిలేది అతను రాసిన పేజీ ఒక్కటే.

ఈ పని గురించి ఉన్న రాత ఎక్కువగా రెండు వైపులా పేరుకుంది. ప్రాక్టికల్ మాన్యువళ్లు ఏ లక్షణాన్ని ఎలా కొలవాలో చెబుతాయి. గణాంకశాస్త్ర పాఠాలు కొలిచి తెచ్చిన అంకెల్ని ఎలా విశ్లేషించాలో చెబుతాయి. ఈ రెండింటి నడుమ గట్టు మీద జరిగే పనిలో ఏ తప్పు ఎక్కడ దూరుతుంది, దూరిందని ఎలా పసిగట్టాలి అన్నది సీనియర్ల నోటి మాటగానే సాగుతోంది. ఈ సమీక్ష ఆ నడుమ భాగం గురించి. ఉదాహరణకు తెలుగు నేల మీద బాగా నడిచే ప్రయోగాన్నే తీసుకుందాం: 8 వరి రకాలు, 3 రెప్లికేషన్లు, మొత్తం 24 మడులు. ఒక్కో మడి 5 మీటర్లు × 4 మీటర్లు, నాటు దూరం 20 × 15 సెంటీమీటర్లు.

అన్ని తప్పులూ ఒకటి కావు

1919లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో చేరిన రోనాల్డ్ ఫిషర్ పొలం ప్రయోగాలకు ఇచ్చిన రూపమే ఇప్పటికీ మనం వాడుతున్నది. నేల ఎక్కడా ఒకేలా ఉండదు కాబట్టి పొలాన్ని బ్లాకులుగా విడగొట్టాలి. ప్రతి బ్లాకులో అన్ని రకాలూ ఒక్కోసారి ఉండాలి. ఏ రకం ఏ మడిలో పడాలో లాటరీ తేల్చాలి. అప్పుడు ఒక బ్లాకు సారవంతమైనా ఆ లాభం అందులోని రకాలన్నిటికీ సమానంగా అందుతుంది. లెక్కలో దాన్ని వేరుగా తీసేయవచ్చు.

నేల గురించి చెప్పిన ఈ మాట కొలిచే మనిషికీ వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. ఒక విద్యార్థి ఎత్తును ఎప్పుడూ రెండు సెంటీమీటర్లు ఎక్కువ చదువుతాడనుకోండి. మొదటి రెప్లికేషన్ మొత్తం అతనే చదివితే ఆ రెండు సెంటీమీటర్లు అన్ని రకాలకూ కలుస్తాయి, రకాల మధ్య తేడా చెడదు. అదే ఇద్దరు స్నేహితులు పని పంచుకుని, 1 నుంచి 4 రకాలు ఒకరు, 5 నుంచి 8 రకాలు మరొకరు కొలిస్తే మనుషుల తేడా రకాల తేడాగా నివేదికకెక్కుతుంది. దాన్ని ఏ విశ్లేషణా తర్వాత విడదీయలేదు. అందుకే పనిని రెప్లికేషన్ వారీగా పంచుకోవాలి. చీకటి పడుతున్నా, వాన ముంచుకొస్తున్నా మొదలెట్టిన రెప్లికేషన్ పూర్తి చేసి ఆపాలి. సగంలో ఆపక తప్పకపోతే ఏ మడి దగ్గర ఆగిందో రాయాలి.

తప్పుల్ని తూచడానికి మరో కొలబద్ద కూడా ఉంది: ఆ పరిశీలనను మళ్లీ చేయవచ్చా, లేదా? ఎత్తు, కంకుల సంఖ్య వంటివి కోత దాకా మడిలోనే ఉంటాయి, అనుమానం వస్తే మర్నాడు మళ్లీ కొలవవచ్చు. పూత తేదీ, గాలివానకు పడిపోయిన విస్తీర్ణం, తూకం రోజు గింజలో ఉన్న తేమ ఒక్కసారే దొరుకుతాయి. మాన్యువళ్లు ఈ రెండు జాతుల్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెడతాయి. పని చేసేవాడి శ్రద్ధ మాత్రం రెండో జాతి మీదే ముందుగా పడాలి.

పటం, నెంబరు, వరస

మడి నెంబర్లలో మొదటి అంకె రెప్లికేషన్‌ను చెబుతుంది: 101 నుంచి 108, 201 నుంచి 208, 301 నుంచి 308. చిక్కంతా మలుపు దగ్గర. కొన్ని చోట్ల 108 పక్కనే 201 ఉంటుంది, నెంబర్లు పాములా మెలికలు తిరుగుతాయి. మరికొన్ని చోట్ల ప్రతి వరసా ఒకే వైపు నుంచి మొదలవుతుంది. నడిచేవాడు మాత్రం దగ్గరి దారే పడతాడు. పటం చూడకుండా నడిస్తే రెండో రెప్లికేషన్ మొత్తం తలకిందులవుతుంది.

ఇంతకన్నా తరచుగా జరిగేది ఒక వరస జారడం. ఒక నమూనా చూద్దాం. ప్రయోగంలో మూడు రకాల ఎత్తులు మొదటి, మూడో రెప్లికేషన్లలో ఇలా వచ్చాయి: మూడో రకం 88, 90. ఐదో రకం 111, 109. ఆరో రకం 98, 96. రెండో రెప్లికేషన్‌లో 204లో ఐదో రకం, 205లో ఆరోది, 206లో మూడోది ఉన్నాయి. పుస్తకంలో 205 ఎదుట 109, 206 ఎదుట 97 రాసి ఉంది. విడిగా చూస్తే రెండూ నమ్మదగ్గ అంకెలే. రకం వారీగా మూడు రెప్లికేషన్లనూ పక్కపక్కన పెడితేనే తేడా కనిపిస్తుంది. ఆరో రకం 98, 109, 96 అయింది, మూడో రకం 88, 97, 90 అయింది. రెండూ పెరిగాయి, రెండూ పక్కపక్క మడులే, పెరిగినంతా పైమడి అంకెకు సరిపోతోంది. అంటే 204లో చదివినది 205 గడిలో పడి, అక్కడి నుంచి అంతా ఒక మెట్టు కిందికి జారింది.

కారణం తెలిసిపోయింది కదా అని బల్ల దగ్గరే అంకెల్ని పైకి జరిపేయాలనిపిస్తుంది. అది చేయకూడదు. జారుడు 204లోనే మొదలైందా, అంతకు ముందా, చివరి మడికి అంకె ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి ఊహలే. ఎత్తు మళ్లీ కొలవగల లక్షణం. మర్నాడు వెళ్లి ఆ రెప్లికేషన్ మొత్తం తిరిగి కొలిచి, పాత అంకెల మీద చదవడానికి వీలుగా ఒక గీత గీసి, పక్కన కొత్తవి రాసి తేదీ వేస్తే సరిపోతుంది. ఈ పోల్చి చూసే పని అదే సాయంత్రం ఎందుకు జరగాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. కోత అయిపోయాక తప్పు కనిపెట్టినా చేయగలిగేదేమీ లేదు.

జారుడు అసలు రాకుండా ఆపే అలవాటు ఒకటుంది. కొలిచేవాడు మడిలోని కర్ర మీది నెంబరును పైకి చదవాలి. రాసేవాడు తన గడి నెంబరును తిరిగి పలికి అప్పుడు అంకె రాయాలి. ఒక్కడే ఉన్నా నెంబరు పైకి చదువుకోవాలి. నెంబరుకు ఇంకో ఉపయోగమూ ఉంది. అఖిల భారత సమన్వయ వరి పథకం 1965 నుంచి హైదరాబాద్ కేంద్రంగా నడుస్తోంది. అందులో పరీక్షకొచ్చే రకాలకు ఐఈటీ నెంబర్లు ఇస్తారు. ఊరూ పేరూ లేని నెంబరు కింద కొలవడం విద్యార్థికి మేలే. ఇది మన స్థానం రకమని తెలిసిన కన్ను తెలియకుండానే మంచి దుబ్బును వెతుకుతుంది.

పూత తేదీ

సగం పూత అంటే మడిలోని దుబ్బుల్లో సగం వెన్ను తీసిన రోజు. ఒక్క కంకి బయటపడ్డా ఆ దుబ్బును లెక్కలోకి తీసుకోవాలా, ఎక్కువ కంకులు రావాలా అన్నది స్థానాన్ని బట్టి మారుతుంది. ఏది పాటిస్తున్నారో అడిగి పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. గట్టు మీద నుంచి చూసి సగమని చెప్పడం కన్నా లోపలి రెండు వరసల్లో 40 దుబ్బులు లెక్కపెట్టి, 20 దాటాయా అని చూడటం నయం. దూరం నుంచి చూస్తే బయటకొచ్చిన వెన్నులే కంటికి ఆనతాయి, రానివి ఆకుల్లో కలిసిపోతాయి.

ఇక్కడ తప్పులు రెండు చోట్ల దొర్లుతాయి. మొదటిది లెక్క ఎక్కడి నుంచి అన్నది. రోజుల్ని నారు పోసిన నాటి నుంచి లెక్కించాలి, నాటిన నాటి నుంచి కాదు. జూన్ 20న నారు పోసి, జులై 18న నాటి, అక్టోబరు 16న సగం పూత వచ్చిన మడికి 118 రోజులు. నాటు నుంచి లెక్కిస్తే 90 వస్తుంది. పట్టుకోవడం సులువే. వరిలో పూత నుంచి కోతకు సుమారు నెల రోజులు పడుతుంది. 150 రోజుల కాలపరిమితి ఉన్న బీపీటీ 5204కి 118 సరిపోతుంది. ఎదురుగా 90 కనిపిస్తే ఎవరో నాటు తేదీ నుంచి లెక్కపెట్టారని అర్థం. పుస్తకంలో తేదీ రాసి, రోజుల లెక్క తర్వాత చేస్తే ఈ గందరగోళమే ఉండదు. రోజుల సంఖ్య మాత్రమే రాసిన పేజీని సరిదిద్దడం కష్టం.

రెండోది సెలవుల తప్పు. పూత కాలంలో మడుల్ని కనీసం రోజు మార్చి రోజు చూడాలి. ఆదివారం, పండగ కలిసొచ్చి నాలుగు రోజులు వెళ్లకపోతే ఆ మధ్యలో పూసిన మడులన్నీ తిరిగొచ్చిన రోజునే పూసినట్టు రాస్తారు. 24 మడుల తేదీలను క్యాలెండర్ మీద పెట్టి చూస్తే సోమవారాలు ఉబ్బి ఉంటాయి. మూడు రోజుల ముందు పూసిన రకమూ, ఆ రోజే పూసిన రకమూ సమానమైపోతాయి. నిజాయితీగా రాయదగ్గది ఏమిటంటే, 12న చూసినప్పుడు 40లో 11, 16న చూసినప్పుడు 40లో 31. సగం ఎప్పుడు దాటిందో ఆ రెండు తేదీల నుంచి అంచనా వేసుకోవచ్చు, అది అంచనా అని చదివేవాడికీ తెలుస్తుంది.

ఏ దుబ్బును కొలవాలి

ఎత్తు కొలవడం కష్టమేమీ కాదు. దుబ్బు మొదట్లో నేల మట్టం నుంచి, అన్నిటికన్నా పొడవైన పిలక మీది కంకి చివరి దాకా, మీసం ఉంటే దాన్ని వదిలేసి. తడి మడిలో స్కేలు బురదలోకి దిగుతుంది. చేయి కాస్త బలంగా నొక్కితే మూడు సెంటీమీటర్లు పోయినట్టే. స్కేలు కింద చిన్న చెక్కముక్క కట్టుకుంటే దిగదు. వంగిన కంకిని నిటారుగా లేపి కొలవాలా, వంగినట్టే కొలవాలా అన్నదాన్ని మొదటి మడిలోనే తేల్చుకుని చివరిదాకా అదే పాటించాలి.

కష్టమంతా దుబ్బును ఎంచుకోవడంలో ఉంది. "యాదృచ్ఛికంగా ఐదు దుబ్బులు" అని మాన్యువల్ అంటుంది. మడిలోకి దిగిన మనిషి చేయి గట్టుకు దగ్గరగా, నిండుగా కనిపించిన దుబ్బు మీదికే వెళ్తుంది. అంచు వరసల దుబ్బులకు వెలుతురు, జాగా ఎక్కువ దొరకడం వల్ల పిలకలూ ఎక్కువ వేస్తాయి. కాబట్టి నియమం మడిలోకి దిగకముందే ఉండాలి. ఉదాహరణకు ఉత్తరం గట్టు నుంచి ఐదో వరస, అందులో ఆరో దుబ్బు నుంచి వరసగా ఐదు. అవి ఎలా ఉన్నా అవే. చచ్చిన దుబ్బు వస్తే ఏం చేయాలో కూడా ముందే రాసుకోవాలి. ఆ ఐదింటికీ ట్యాగులు కడితే పిలకలు, ఎత్తు, కంకి పొడవు అన్నీ ఒకే దుబ్బుల నుంచి వస్తాయి.

నిజంగా కొలిచారా, అంచనాగా రాశారా అన్నది చివరి అంకెలే చెబుతాయి. 24 మడుల్లో మడికి ఐదు చొప్పున 120 ఎత్తులున్నాయనుకోండి. చివరి స్థానంలో 0 నుంచి 9 దాకా ఒక్కో అంకె సుమారు 12 సార్లు రావాలి. సగానికి పైగా 0, 5లతో ముగుస్తుంటే స్కేలు చూసి కాక చూపు మేర రాసినట్టే. ఐదు దుబ్బుల అంకెలూ విడివిడిగా ఉంటేనే ఈ పరీక్ష కుదురుతుంది. మడిలోనే సగటు కట్టి ఒక్క అంకె రాస్తే దొంగ దొరకడు, కూడికలో తప్పూ దొరకదు. గట్టు మీద సగటు కట్టకూడదన్న పాత నియమం వెనుక కారణం ఇదే.

తెగులు స్కోరు

చీడపీడల నమోదులో రెండు పద్ధతులున్నాయి: లెక్కపెట్టడం, స్కోరు వేయడం. కాండం తొలుచు పురుగు వల్ల వచ్చిన తెల్ల కంకులను లెక్కపెట్టవచ్చు. 10 దుబ్బుల్లో 112 కంకులు, వాటిలో 6 తెల్లవి అయితే 5.4 శాతం. పుస్తకంలో 6, 112 రెండూ రాయాలి. శాతం ఒక్కటే రాస్తే అది ఎన్ని కంకుల మీద తేలిందో పోతుంది. సున్నాకీ ఖాళీకీ తేడా కూడా ఇక్కడే ముఖ్యం. సున్నా అంటే వెతికాను, లేదు. ఖాళీ అంటే చూడలేదు. చూడని మడికి సున్నా వేస్తే తెగులు తట్టుకునే రకం ఒకటి కాగితం మీదే పుడుతుంది.

బాక్టీరియా ఎండాకు తెగులు వంటివి లెక్కకు అందవు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రామాణిక పట్టిక ప్రకారం ఆకు విస్తీర్ణంలో మచ్చ 1 నుంచి 5 శాతం ఉంటే స్కోరు 1, 6 నుంచి 12 దాకా 3, 13 నుంచి 25 దాకా 5, 26 నుంచి 50 దాకా 7, ఆపైన 9. మెట్ల మధ్య దూరం సమానం కాదని గమనించండి. 12కీ 13కీ మధ్య కంటికి తేడా తెలియదు, స్కోరు మాత్రం 3 నుంచి 5కి దూకుతుంది. అందుకే ఇద్దరు స్కోరు వేసేటప్పుడు మొదట ఒక పది మడుల్ని విడివిడిగా చూసి, కాగితాలు పక్కన పెట్టుకుని, ఎక్కడ తేడా వచ్చిందో ఆ ఆకు ముందు నిలబడి తేల్చుకోవాలి. ఆ తర్వాత కూడా ఒక రెప్లికేషన్‌కు ఒక్కరే.

స్కోర్లకు సగటు కట్టడం మీద వివాదం పాతదే. మూడు రెప్లికేషన్లలో మచ్చ 9, 9, 75 శాతం ఉందనుకుందాం. స్కోర్లు 3, 3, 9. వాటి సగటు 5, అంటే 13 నుంచి 25 శాతం మెట్టు. శాతాల సగటు 31, అది స్కోరు 7 మెట్టు. అదే మడులు రెండు లెక్కల్లో రెండు రకాలుగా కనిపిస్తాయి. దీనికి విద్యార్థి స్థాయిలో పరిష్కారం సులువు: కంటికి తోచిన శాతాన్నే రాసుకోవాలి. శాతం నుంచి స్కోరు ఎప్పుడైనా తీయవచ్చు, స్కోరు నుంచి శాతం తిరిగి రాదు.

దిగుబడి

అన్ని పరిశీలనల్లో దిగుబడికే ఎదురుచూపు ఎక్కువ. అంకెలో తప్పు దూరే సందులూ దానికే ఎక్కువ. మొదటి సందు విస్తీర్ణం. అంచు వరసలు ఎక్కువ పండుతాయి కాబట్టి వాటిని ముందే కోసి పక్కకు తీసేస్తారు. మన మడిలో 4 మీటర్ల వెడల్పులో 20 వరసలు. ఇటు రెండు, అటు రెండు తీస్తే 16 మిగులుతాయి, వెడల్పు 3.2 మీటర్లు. పొడవులో ఇరువైపులా రెండేసి దుబ్బులు తీస్తే 4.4 మీటర్లు. నికర విస్తీర్ణం 14.08 చదరపు మీటర్లు. హెక్టారు లెక్క కట్టేటప్పుడు దీనికి బదులు 20 చదరపు మీటర్లు వాడితే దిగుబడి దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఒకటి రెండు మడులకే ఇలా జరిగితే ఎవరికీ తెలియదు కూడా.

అంచు మీది దుబ్బు లోపలిదా బయటిదా అన్న చిన్న తీర్పు ఎంత పెద్దదో మన దేశంలోనే తేలింది. 1940లలో పంటకోత సర్వేల గురించి పి.సి. మహలనోబిస్‌కూ పి.వి. సుఖాత్మేకూ మధ్య పెద్ద వాదం నడిచింది. చిన్న కోతలతో ఎక్కువ చోట్ల కోయాలని మహలనోబిస్ పక్షం. కోత విస్తీర్ణం చిన్నదయ్యే కొద్దీ గీత మీది మొక్కల్ని లోపలికి కలుపుకునే గుణం వల్ల దిగుబడి ఎక్కువగా తేలుతుందని సుఖాత్మే పక్షం. చిన్న విస్తీర్ణంలో చుట్టుకొలత వాటా ఎక్కువ కనుక ఒక్కో తప్పు తీర్పుకు బరువూ ఎక్కువే. ప్రయోగపు మడిలో వరసలు లెక్కపెట్టి కోయడం వల్ల ఈ చిక్కు తగ్గుతుంది, పోదు. పక్క మడి పన ఒకటి ఇటు కలిసినా అదే తప్పు. అందుకే కోత కూలీలు పనలు కట్టకముందే ప్రతి మడికీ రెండు ట్యాగులుండాలి, ఒకటి కట్ట లోపల, ఒకటి బయట.

రెండో సందు తేమ. రకాలు ఒకేసారి పండవు కాబట్టి తూకం నాటికి గింజలో తేమ ఒకేలా ఉండదు. మన ప్రయోగంలో రెండు మడుల్ని చూద్దాం. 103లో 9.6 కిలోలు, తేమ 21 శాతం. 107లో 9.2 కిలోలు, తేమ 15 శాతం. కాటా మీద 103దే పైచేయి, హెక్టారుకు 6818 కిలోలు, 107కి 6534. వరిలో దిగుబడిని 14 శాతం తేమకు సరిచేసి చెప్పడం ఆనవాయితీ. తూచిన బరువు W, తేమ శాతం M అయితే:

```
W × (100 − M) / 86
```

103 బరువు 8.82 కిలోలకు దిగి, హెక్టారుకు 6263 అవుతుంది. 107 బరువు 9.09 దగ్గర నిలిచి 6458 అవుతుంది. వరస తిరగబడింది. 103 ముందున్నట్టు కనిపించింది నీటి బరువు వల్ల. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దగ్గర బేరం ఎలా ఆగిపోతుందో చూసిన రైతుబిడ్డకు ఇది కొత్త కాదు. నమోదులో జరిగే పొరపాటు మాత్రం వేరు. పొద్దున తూచి, గింజ ఎండలో ఉండగా సాయంత్రం తేమ చూస్తారు. రెండు అంకెలూ నిజమే, ఒక క్షణానికి చెందినవి కావు. కాటా మీద ఉన్న గింజ నుంచే, బాగా కలిపి తీసిన గుప్పెడుతో, అప్పుడే తేమ చూడాలి. పుస్తకంలో W, M విడిగా ఉండాలి. సరిచేసిన బరువు మాత్రమే రాస్తే ఏ సూత్రం వాడారో, అసలు సరిచేశారో లేదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

వచ్చిన దిగుబడి నమ్మదగ్గదేనా అని చూసుకునే దారి కూడా పుస్తకంలోనే ఉంటుంది. చదరపు మీటరుకు 330 కంకులు, కంకికి 140 నిండు గింజలు, వెయ్యి గింజల బరువు 14.5 గ్రాములు అయితే గుణిస్తే 670 గ్రాములు, అంటే హెక్టారుకు 6700 కిలోలు. ఈ లెక్క సాధారణంగా కాటా అంకె కన్నా కొంత ఎక్కువే చూపుతుంది. కోతలో, నూర్పిడిలో రాలేది ఇందులో లేదు. 6458 పక్కన 6700 ఉంటే సరే. 11,000 వస్తే ఎక్కడో తప్పుంది, బహుశా సన్నరకానికి వెయ్యి గింజల బరువు 24 గ్రాములని పడి ఉంటుంది. ఎంటీయూ 1010కి అది సహజం, బీపీటీ 5204కి కాదు.

కాగితమా, ఫోనా

కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రెవర్ రైఫ్, జెస్సీ పోలాండ్ రూపొందించి 2014లో పరిచయం చేసిన ఫీల్డ్ బుక్ అనే ఉచిత ఆండ్రాయిడ్ యాప్ ఇప్పుడు చాలా దేశాల పంట ప్రయోగాల్లో వాడుకలో ఉంది. మడి నెంబరు తెర మీద కనిపిస్తుంది, తేదీ దానంతటదే పడుతుంది, ఎత్తుకు 60 నుంచి 150 అని హద్దు పెడితే 900 అని కొట్టనివ్వదు. తిరిగి రాసే పని లేకపోవడం అన్నిటికన్నా పెద్ద లాభం. రావెప్‌లో మార్కుల కోసం అందంగా ఫెయిర్ కాపీ రాసి, బురద మరకల అసలు పేజీలను పారేసే అలవాటు ఉంది. నకలు చేసిన ప్రతిసారీ కొన్ని అంకెలు మారతాయి. దిద్దుళ్లు, పక్కన గీసిన గుర్తులు పోతాయి. పనికొచ్చే పత్రం ఆ మరకల పేజీయే.

ఫోను ఆపలేని తప్పులూ ఉన్నాయి. హద్దుల లోపల ఉండే తప్పును అది గుర్తుపట్టదు. పైన చెప్పిన 97, 109 రెండూ హాయిగా లోపలికి వెళ్లిపోతాయి. అంకె కొట్టగానే తెర తర్వాతి మడికి జరుగుతుంది, నడిచే వరసా తెర వరసా వేరైతే జారుడు ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. కర్రకు బార్‌కోడ్ కట్టి స్కాన్ చేస్తే తప్ప దీనికి మందు లేదు. ఎక్సెల్‌లోకి వెళ్లాక 6/11 అని రాసిన తెల్ల కంకుల లెక్క తేదీగా మారిపోతుంది. అందుకే రెండు అంకెలకు రెండు వరసలు పెట్టుకుని, తేదీని ఏడాదితో మొదలుపెట్టాలి:

```
plot_id,rep,entry,trait,date,value,note
205,2,6,panicles,2024-11-02,112,
205,2,6,white_ears,2024-11-02,6,
206,2,3,white_ears,2024-11-02,,నీరు నిలిచింది, చూడలేదు
```

ఈ ముక్కలోనూ ఒక తప్పు పొంచి ఉంది. చివరి వరసలో గమనికలోని కామా దాన్ని రెండు గడులుగా చీల్చేస్తుంది. గమనికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, లేదా కామా లేకుండా రాయాలి. ఎండలో తెర కనిపించని చోట, చేతులు బురదలో ఉన్న చోట కుట్టిన పుస్తకం, పెన్సిల్ ఇప్పటికీ నయం. పెన్ను రాత వానకు కరిగిపోతుంది, విడికాగితం గాలికి పోతుంది. కాగితమైతే ఆ సాయంత్రమే ఫొటో తీసి ఉంచాలి.

గమనికల గడి

కాగితంలోనైనా ఫోనులోనైనా ఎక్కువసార్లు ఖాళీగా మిగిలేది గమనికల గడి. తిరిగి చూడలేనివాటిలో ఎక్కువ భాగం చేరాల్సింది అక్కడే. ఒక సాధారణ సంగతి చూడండి. ప్రయోగంలో స్వల్పకాలిక రకం ఒక్కటే ఉంటే అది అందరికన్నా ముందు పాలు పోసుకుంటుంది, చుట్టుపక్కల పిట్టలన్నీ దాని మీదే వాలతాయి. మూడు రెప్లికేషన్లలోనూ దాని దిగుబడి తగ్గుతుంది. మూడింటిలోనూ ఒకేలా తగ్గింది కాబట్టి విశ్లేషణకు అది ఆ రకం గుణంలాగే కనిపిస్తుంది. 104, 207, 302 మడుల ఎదుట "పిట్టల నష్టం, అంచనా 20 శాతం" అని తేదీతో ఒక ముక్క ఉంటే ఆ రకాన్ని కొట్టేసే ముందు ఎవరైనా ఆగుతారు. లేకపోతే ఆగడానికి కారణమే ఉండదు. ఎలుకలు, నాటులో పడిన సందులు, ఎరువు రెండుసార్లు పడిన మూల, గాలివాన మర్నాడు ఎంత భాగం పడిపోయింది అన్నవీ ఇలాంటివే.

మడి పూర్తిగా పోతే ఏం చేయాలన్నదానికీ జవాబుంది. ఒక మడి లేకపోయినా విశ్లేషణ సాగించే పద్ధతిని ఫ్రాంక్ యేట్స్ 1933లోనే ఇచ్చాడు. అది గణాంక నిపుణుడు చేసుకునే పని. దానికి అతనికి కావలసింది ఖాళీ గడి, పోవడానికి కారణం. మిగిలిన రెండు మడుల సగటు తీసి ఆ గడి నింపిన విద్యార్థి ప్రయోగంలోని సహజమైన తేడాను తగ్గించి చూపినట్టు. అలా తగ్గితే లేని తేడాలు కూడా నిజమైనవిగా తేలతాయి.

ఇన్ని పద్ధతులు పక్కపక్కన పెట్టి చూస్తే వాదం మిగిలేవి కొన్నే: స్కోరా శాతమా, కాగితమా ఫోనా, ఐదు దుబ్బులా పదా. వాటిలో ఏ పక్షం ఎంచుకున్నా ప్రయోగం బతుకుతుంది, ఎంచుకున్నది చివరిదాకా మారకుండా ఉంటే చాలు. బతకనివ్వనివి వేరే ఉన్నాయి. మనుషుల్ని రకాల వారీగా పంచడం, లెక్క కట్టిన అంకెను ఉంచి చదివిన అంకెను పారేయడం, చూడని దానికి సున్నా వేయడం, పోల్చి చూసే పనిని కోత తర్వాతకు వాయిదా వేయడం. ఈ నాలుగూ మాన్యువల్ మొదటి పేజీకి ఎక్కాల్సినవి. ఇప్పుడున్న చాలా మాన్యువళ్లలో ఆ పేజీ కొలతల నిర్వచనాలతోనే నిండిపోతోంది.